ఇంట్లో పెసల మొలకలు: జిగట పట్టకుండా, కడుపు చెడకుండా చేసుకునే పద్ధతి

పెసలు నానబోసి గుడ్డలో మూట కడితే మొలకలు వస్తాయని తెలియని ఇల్లు లేదు. అయినా ఎండాకాలం వచ్చిందంటే అవే ప్రశ్నలు. మూట విప్పితే జిగటగా ఎందుకుంది? పుల్లటి వాసన వస్తే కడిగేసి వాడుకోవచ్చా? జిమ్‌లో పచ్చివే తినమంటున్నారు, అమ్మేమో ఉడకబెట్టమంటోంది, ఎవరి మాట వినాలి?

మూడో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: అమ్మ మాట. ఎందుకో, మిగతా రెండు ప్రశ్నల సంగతేమిటో వరసగా చూద్దాం. ఇక్కడ కొలతలన్నీ ఒక టీకప్పు పెసలకు. శనగలు, ఉలవలు, బొబ్బర్లు, మెంతులకు పద్ధతి ఇదే, సమయాలే మారతాయి.

1. ముందు అసలు కారణం: మొలకకు నచ్చేదే బాక్టీరియాకూ నచ్చుతుంది

పెసర గింజ మొలకెత్తాలంటే తడి కావాలి, వెచ్చదనం కావాలి, ఒకటి రెండు రోజుల సమయం కావాలి. నానిన గింజలోంచి చక్కెరలు, ఇతర పోషకాలు కొద్దికొద్దిగా పైనున్న తడిలోకి ఊరుతుంటాయి. తడి, వెచ్చదనం, తిండి, సమయం. బాక్టీరియాకు కావలసినవీ ఈ నాలుగే. మొలకల కోసం మనం పరిచిన పక్క మీదే అవీ హాయిగా పడుకుంటాయి.

అవి మన వంటింట్లోనే పుట్టాలని లేదు. పొలంలో సరిగా మాగని పశువుల ఎరువు, మురుగు కలిసిన కాలువ నీళ్లు, కళ్లంలో తిరిగే కోళ్లు, పక్షులు, గోడౌన్‌లో ఎలుకలు, ఇలా ఎక్కడైనా గింజకు అంటుకోవచ్చు. పెసర పొట్టు మీద కంటికి కనబడని చీలికలుంటాయి. వాటిలోకి దూరిన బాక్టీరియా గింజ పొడిగా ఉన్నంత కాలం పెరగదు. అలాగని చావదు కూడా. నెలల తరబడి అలా పడి ఉండి, నీళ్లు తగిలిన రోజున లేస్తుంది.

2011లో జర్మనీలో జరిగింది ఇదే. మే నెలలో ఉత్తర జర్మనీలో వందల మంది రక్త విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు. ముందు దోసకాయలను అనుమానించారు. చివరికి తేలింది మెంతి మొలకలని. ఈ-కోలి అనే బాక్టీరియాలో ఒక ప్రమాదకరమైన రకం వల్ల నాలుగు వేలకు దగ్గరగా జనం జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. అదే జూన్‌లో ఫ్రాన్స్‌లో బోర్డో నగరం దగ్గర పిల్లల కేంద్రం ఒకదానిలో వేడుక జరిగింది. అక్కడ వడ్డించినవి ఫ్యాక్టరీ మొలకలు కావు, దుకాణంలో గింజలు కొని సొంతంగా మొలకెత్తించినవి. అక్కడా అదే జబ్బు. రెండు చోట్లకూ వెళ్లిన మెంతులు 2009 చివర్లో ఈజిప్టు నుంచి ఓడలో వచ్చిన ఒకే సరుకని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లి తేల్చారు. అంటే ఏడాదికి పైగా గోతాల్లో ఉన్న గింజలు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఆ సరుకులో మిగిలిన గింజలను ప్రయోగశాలల్లో పరీక్షిస్తే ఆ బాక్టీరియా చిక్కలేదు. ఎవరెవరు ఏం తిన్నారో, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆరా తీసే పట్టుకున్నారు. కోట్ల గింజల్లో కొన్నిటికే అంటి ఉంటే పరీక్షకు తీసిన గుప్పెట్లో అవి పడకపోవచ్చు. అందుకే "మా పెసలు ఆర్గానిక్, మా పొలంలోవే" అన్న మాటకు ఈ విషయంలో పెద్ద విలువ లేదు.

ఇక వేడి సంగతి. 35 డిగ్రీల దగ్గర ఇలాంటి బాక్టీరియా అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. కాగితం మీద లెక్క వేస్తే ఒక్కటి 8 గంటల్లో కోటీ 60 లక్షలు దాటుతుంది. చల్లటి చోట గంటకోసారి రెట్టింపైతే అదే 8 గంటల్లో 256 మాత్రమే. నిజంగా మొలకల గిన్నెలో లెక్క ఇంత నున్నగా నడవదు. మొదట కాసేపు మందకొడిగా ఉంటుంది, పక్కనున్న మామూలు సూక్ష్మజీవులతో పోటీ పడాలి. అయినా కొద్ది డిగ్రీల తేడాకు ఎంత బలముందో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. కింద చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

2. గింజల ఎంపిక

మొదటి జాగ్రత్త: విత్తనాల దుకాణంలో పొలానికి అమ్మే పెసలు, మెంతులు వాడొద్దు. విత్తన శుద్ధి చేసిన గింజలకు శిలీంధ్ర నాశినులు పట్టించి ఉంటాయి. గులాబీ, ఎరుపు, నీలం, ఆకుపచ్చ లాంటి రంగు వేసి ఉంటే అదే గుర్తు. కడిగితే పోయేది కాదది. ఏడాదికి సరిపడా ఇంట్లో నిలవ చేసుకున్న పెసలకు పురుగు పట్టకుండా ఏ మందైనా కలిపి ఉంటే వాటినీ మొలకలకు తీయొద్దు.

చేటలో పోసి చూడాల్సినవి:

☐ పుచ్చులు, విరిగిన గింజలు, తాలు గింజలు ఏరేశారా? విరిగిన గింజ మొలకెత్తదు, నీళ్లలో ముందు కుళ్లేది అదే.
☐ ఎలుక పెంటికలు, పిట్ట రెట్టలు, మట్టిబెడ్డలు కనిపించాయా? పెంటికలు కనిపిస్తే ఏరి వాడుకోవద్దు, ఆ పొట్లం మొత్తం మొలకలకు పనికిరాదు.
☐ ముక్క వాసన వస్తోందా? తడి తగిలి ఆరిన గింజకు ఆ వాసన ఉంటుంది.

రాజ్మా గింజలను మాత్రం మొలకల జోలికే తేవద్దు. వాటిలో సహజంగా ఉండే ఒక విషపదార్థం బాగా మరిగితేనే పోతుంది. పచ్చి రాజ్మా మొలకలు కొన్ని తిన్నా వాంతులు మొదలవుతాయి. ఇది బాక్టీరియా గొడవ కాదు, గింజ స్వభావం.

3. గిన్నె, గుడ్డ, నీళ్లు

మొలకలకు స్టీలు చిల్లుల గిన్నె, దాని కింద నీళ్లు పట్టే పళ్లెం, పైన కప్పడానికి పలుచని నూలు గుడ్డ చాలు. ప్లాస్టిక్ డబ్బాలకు గీతలు పడితే ఆ గీతల్లో జిగట చేరుతుంది, ఎంత తోమినా పోదు. మూడు అరల మొలకల డబ్బా ఉంటే వాడుకోండి, కానీ ప్రతిసారీ అరలన్నీ విడదీసి చిల్లులను బ్రష్‌తో తోమి ఎండబెట్టాలి.

అసలు చిక్కంతా గుడ్డతోనే. చాలా ఇళ్లలో మొలకల గుడ్డ అని ఒకటుంటుంది. వాడాక నీళ్లలో జాడించి పొయ్యి గట్టు మీద ఆరేస్తారు. వారం తర్వాత మళ్లీ అదే. పోయిన వారం జిగట అందులోనే ఉంటుంది, కొత్త పెసలకు అదే తోడుచుక్క. పెరుగుకు తోడు వేసినట్టు మనమే బాక్టీరియాను తోడు వేస్తున్నాం. వాడిన ప్రతిసారీ గుడ్డను సబ్బుతో ఉతికి, 5 నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, ఎండలో పూర్తిగా ఆరేయండి.

నీళ్లు కాచి చల్లార్చినవి మంచివి. ఫిల్టరు నీళ్లయినా సరే. డ్రమ్ములో రెండు రోజులు నిలవున్న నీళ్లు, మూత లేని తొట్టి నీళ్లు వద్దు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ పూట కోడిగుడ్డో మాంసమో ముట్టుకుంటే ఆ గట్టు మీదా, ఆ సింకులోనూ మొలకల పని పెట్టుకోవద్దు. విరేచనాలతో ఉన్నవారు ఆ వారం ఈ పని ఇంకొకరికి అప్పజెప్పాలి.

4. నానబెట్టడం

ఒక కప్పు పెసలను మూడు నాలుగుసార్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా చేత్తో రుద్ది కడగండి. తేలిన గింజలు, పొట్టు పారబోయండి. తర్వాత నాలుగు కప్పుల నీళ్లు పోయండి. నానితే గింజలు రెట్టింపవుతాయి కాబట్టి గిన్నె పెద్దదే తీసుకోవాలి.

చలికాలంలో బయట 8 గంటలు సరిపోతుంది. ఎండాకాలంలో "రాత్రి నానబోసి పొద్దున చూద్దాం" అన్నదే మొదటి తప్పు. వంటగది 33, 34 డిగ్రీలున్న రాత్రి పది గంటలు నానితే పొద్దున నీళ్ల మీద నురగ, చిన్న బుడగలు, కాస్త పులుపు వాసన. పులియడం మొదలైందని అర్థం. ఆ వేడికి 5, 6 గంటలే చాలు.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం ఫ్రిజ్. గిన్నె మీద మూత పెట్టి 10 నుంచి 12 గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టండి. గింజ చల్లటి నీళ్లనూ పీల్చుకుంటుంది, కాకపోతే నెమ్మదిగా. బాక్టీరియా మాత్రం ఆ రాత్రంతా దాదాపు కదలకుండా ఉంటుంది. నానడం పూర్తయిందో లేదో తెలియాలంటే గింజను గోటితో నొక్కండి. లోపల తెల్లటి పొడి గీత లేకుండా చీలితే నానినట్టే. ఎంత నానినా రాయిలా ఉండిపోయే గింజలు కొన్నుంటాయి, వాటిని ఏరేయాలి. పంటికి తగిలితే పన్ను విరుగుతుంది.

నానిన నీళ్లు పారబోయాల్సిందే. "పోషకాలు పోతాయి" అని కూరలో పోసేవాళ్లున్నారు. గింజ మీది మట్టి, బాక్టీరియా చాలామటుకు ఆ నీళ్లలోకే దిగుతాయి.

5. మొలకెత్తించడం: తేమ ఉండాలి, నీళ్లు నిలవకూడదు

నానిన పెసలను మంచినీళ్లతో కడిగి, చిల్లుల గిన్నెలో పోసి 10 నిమిషాలు ఏటవాలుగా వదిలేయండి. అడుగున ఒక్క చుక్క నీరు నిలవకూడదు. తర్వాత గింజలను రెండు అంగుళాల మందానికి మించకుండా పరిచి, పిండిన తడిగుడ్డ కప్పి, నీడగా, గాలి ఆడే చోట పెట్టండి. పొయ్యి పక్కన వద్దు, ఫ్రిజ్ వెనక వద్దు.

మందం గురించి ఎందుకంత పట్టు అంటే, మొలకెత్తే గింజ ఊపిరి పీలుస్తుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. పలుచగా పరిస్తే ఆ వేడి పోతుంది. కిలో పెసలు గట్టిగా మూట కడితే మధ్యలో చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. మూట పైన మొలకలు బాగుండి, నడిమధ్య జిగటగా ఉండేది అందుకే.

ఇక హాట్‌బాక్స్. మూటను హాట్‌బాక్స్‌లో పెట్టి బిగిస్తే ఆరు గంటల్లో మొలకలు వస్తాయని వీడియోల్లో చెబుతుంటారు. వస్తాయి, అబద్ధం కాదు. వేడి బయటికి పోదు, గాలి లోపలికి రాదు, తేమ ఎక్కడికీ పోదు. మొదటి భాగంలో చెప్పిన నాలుగింటికీ ఇంతకంటే మంచి ఇల్లు కట్టలేం. ఒకసారి పెళ్లి ప్రయాణం హడావిడిలో నేనూ అలాగే పెట్టి మర్చిపోయి రెండో రోజు సాయంత్రం మూత తీశాను. పెసలు కాదు, గంజి. ఆ గుడ్డను కూడా పారేయాల్సి వచ్చింది. చలి ఎక్కువగా ఉన్న ఊళ్లలో మొలకలు రావడంలేదంటే హాట్‌బాక్స్ బదులు గిన్నెను వంటింటి అలమరలో పెట్టండి, ఇంకో అరపూట ఓపిక పట్టండి.

6. మధ్యలో కడగడం

చలికాలంలో 8 గంటలకోసారి, ఎండాకాలంలో 4 నుంచి 6 గంటలకోసారి చల్లటి మంచినీళ్లతో కడిగి మళ్లీ పూర్తిగా వడకట్టాలి. కడగడం వల్ల గింజలు చల్లబడతాయి, ఊరిన చక్కెర కొట్టుకుపోతుంది, జిగట పేరుకోదు. అంతవరకే దాని ఉపయోగం. కడిగితే బాక్టీరియా చావదు. పొట్టు చీలికల్లో అంటుకున్నది నీటి ధారకు ఊడిరాదు.

ఉప్పునీళ్లు, పసుపు నీళ్లు, నిమ్మరసం, వెనిగర్ గురించి అడిగేవాళ్లకు కూడా ఇదే జవాబు. తినేముందు నిమ్మకాయ పిండడం రుచికి మంచిదే, బాక్టీరియాకు అది చాలదు.

గింజలను ముందే శుద్ధి చేసే పద్ధతి ఒకటుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను 60 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచి, అందులో గింజలను 5 నిమిషాలు ముంచి, తర్వాత నిమిషం పాటు కుళాయి కింద కడగమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నిపుణులు ఇంట్లో మొలకలు చేసుకునేవారికి సూచించారు. దీనివల్ల ప్రమాదం తగ్గుతుందే గానీ పూర్తిగా పోదని వాళ్లే చెప్పారు. థర్మామీటర్ కావాలి, ఉష్ణోగ్రత తప్పకుండా కాచుకుని కూర్చోవాలి. పైగా మన మందుల షాపుల్లో దొరికే సీసా సాధారణంగా 6 శాతం ద్రావణం, గాయాలకు వాడేది. నేనైతే ఆ పని పెట్టుకోను. చివర్లో ఎలాగూ ఉడకబెడతాను కాబట్టి.

7. ఎప్పుడు ఆపాలి

ఉడకబెట్టి తినే పెసలకు గింజ పొడవున మొలక, అంటే అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు, చాలు. రెండంగుళాల తోక రావాలని మూడు రోజులు ఉంచితే బాక్టీరియాకు మూడు రోజులు ఇచ్చినట్టే. నానబెట్టి వడకట్టిన దగ్గర్నుంచి ఎండాకాలంలో 12 నుంచి 16 గంటలు, చలికాలంలో 24 నుంచి 30 గంటలు పడుతుంది. ఉలవలు, శనగలకు ఇంకో పూట ఎక్కువ.

మొలక రాగానే రెండే దారులు: వెంటనే వండడం, లేదా ఫ్రిజ్‌లో పెట్టడం. ఫ్రిజ్‌లో పెట్టేముందు కడగొద్దు. కడిగితే మాత్రం గుడ్డ మీద ఆరబెట్టాకే డబ్బాలో వేయండి. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి, డబ్బా తలుపు అరలో కాకుండా లోపల పెట్టాలి. రెండు రోజుల్లో వాడేయండి. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే ఆదివారం చేసి వారమంతా కొంచెం కొంచెం తినే పద్ధతి మంచిది కాదు.

8. ఉడకబెట్టడం: నిజంగా బాక్టీరియాను చంపేది ఇదొక్కటే

సాల్మొనెల్లా, ఈ-కోలి, లిస్టీరియా మూడూ బాగా వేడెక్కితే చస్తాయి. మొలక లోపలిదాకా 75 డిగ్రీలు చేరితే చాలు. మరిగే నీళ్లలో అది కష్టం కాదు, కానీ కాలం లెక్కపెట్టే చోటే చాలామంది పొరపడతారు.

నీళ్లలో: ఒక కప్పు మొలకలకు నాలుగు కప్పుల నీళ్లు, చిటికెడు ఉప్పు. నీళ్లు తెర్లుతున్నప్పుడు మొలకలు వేయండి. వేయగానే మరుగు ఆగిపోతుంది. మళ్లీ తెర్లడం మొదలయ్యాకే గడియారం చూడండి. అక్కడినుంచి 2 నుంచి 3 నిమిషాలు. పెసలు ఇంకా కరకరలాడతాయి, పచ్చి వాసన పోతుంది. మెంతి మొలకలకు 2 నిమిషాలు చాలు. ఉలవలు, శనగలు మెత్తబడాలంటే కుక్కరే మేలు.

ఆవిరి మీద: ఇడ్లీ రేకుల్లో పలుచగా పరిచి, ఆవిరి బాగా వచ్చాక 7, 8 నిమిషాలు. గుంటల్లో కుప్పగా నింపితే మధ్యలోవి ఉడకవు.

మూకుడులో: "పోపులో రెండు తిప్పులు తిప్పాను" అంటే ఉడకబెట్టినట్టు కాదు. నాలుగు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి, అన్ని మొలకల నుంచీ పొగలు వచ్చేదాకా 5 నిమిషాలు మగ్గనివ్వాలి. గుగ్గిళ్లు చేసినా, కూర చేసినా అంతే. మొలకల పెసరట్టు వేస్తే పిండి రుబ్బిన వెంటనే వేయాలి, పులవడానికి వదలొద్దు. పలుచగా వేసి రెండువైపులా కాల్చాలి.

ఉడికాక చేసే పెద్ద తప్పు ఇంకొకటుంది. రంగు పోకుండా ఉండాలని వేడి మొలకలను కుళాయి నీళ్లలో చల్లారుస్తారు, మళ్లీ అదే మొలకల గిన్నెలో పోస్తారు. చంపిన పనంతా వృథా. శుభ్రమైన పొడి పళ్లెంలో పలుచగా పరిస్తే పది నిమిషాల్లో అవే చల్లారతాయి. ఉల్లిపాయ, కీరా, నిమ్మరసం అప్పుడు కలుపుకోండి. రెండు గంటల్లో, ఎండ మండే రోజుల్లో గంటలో తినేయాలి. పిల్లల డబ్బాలో పొద్దున ఎనిమిదింటికి పెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు తినేదానికి మొలకల సలాడ్ సరైనది కాదు.

ఉడకబెడితే విటమిన్ సి కొంత పోతుంది, నిజమే. దానికి పైన పిండిన నిమ్మకాయ ఉంది. మాంసకృత్తులు, పీచు ఎక్కడికీ పోవు, పైగా ఉడికినవే కడుపుబ్బరం లేకుండా అరుగుతాయి.

9. చెడిపోయినవాటిని ఉడికించి కాపాడొచ్చా?

కూడదు. దీనికి కారణం కాస్త వివరంగా చెప్పాలి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా గింజల మీద, మట్టిలో సాధారణంగా ఉంటుంది. అది గట్టి పెంకు లాంటి రూపంలోకి మారి మరుగునీళ్లను కూడా తట్టుకుంటుంది. వెచ్చగా ఎక్కువసేపు పెరిగితే వాంతులు తెప్పించే ఒక విషాన్ని వదులుతుంది. బాక్టీరియాను ఉడికించినా ఆ విషం మాత్రం పోదు. అంటే ఉడకబెట్టడం మంచి మొలకలను సురక్షితం చేస్తుంది, పాడైనవాటిని బాగుచేయదు.

మూట విప్పగానే చూడాల్సినవి:

☐ వేళ్లకు తీగలా సాగే జిగట, పుల్లటి లేదా మురుగు వాసన: పారేయండి. తర్వాతిసారి పలుచగా పరచండి, బాగా వడకట్టండి, గుడ్డ మరిగించండి.
☐ మొలక కొస గోధుమ రంగు: వాసన, జిగట లేకపోతే వేడికో తడారిపోవడం వల్లో అయి ఉంటుంది. అలాంటివి ఏరేసి మిగతావి వండుకోవచ్చు.
☐ సగం గింజలే మొలకెత్తాయి: గింజ పాతది. ఇంకో రోజు ఉంచితే మొలకెత్తనివి కుళ్లి మిగతావాటినీ పాడుచేస్తాయి.
☐ తెల్లటి నూగు: బూజు అని కంగారు పడకముందు నీళ్లు చల్లి చూడండి.

ఆ నూగు గురించి ఒక మాట. మెంతులు, ఆవాలు, రాగుల వేళ్లకు సన్నటి వేరు వెంట్రుకలు వస్తాయి. అవి వేరు చుట్టూ మాత్రమే, సమంగా ఉంటాయి, నీళ్లు తగిలితే అణిగి కనబడకుండా పోతాయి. బూజు సాలెగూడులా గింజ నుంచి గింజకు పాకుతుంది, బూడిద రంగో నలుపో తిరుగుతుంది, ముక్క వాసన కొడుతుంది. రాగి మొలకల పిండి చేసి పసిపిల్లలకు జావ కాచేవాళ్లు ఈ తేడా తప్పక తెలుసుకోవాలి. ఎండబెట్టడం వల్ల బాక్టీరియా చావదు కాబట్టి ఆ జావను నిమిషంలో దించేయకుండా బాగా తెర్లనివ్వాలి.

ఒక హెచ్చరిక: జిగట, వాసన లేవంటే మొలకలు నిలవకు బాగున్నాయనే అర్థం. సాల్మొనెల్లా, ఈ-కోలి ఉన్న మొలకలు తాజాగా, తెల్లగా, ఏ వాసనా లేకుండా ఉండొచ్చు. కంటితో చూసి, ముక్కుతో పసిగట్టి వాటిని పట్టుకోలేం.

10. పచ్చివి అసలు తినకూడనివాళ్లు

గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, పెద్దవయసువాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి లాంటివి జరిగి రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు. వీళ్లకు చాట్ బండి మీద, జ్యూస్ షాపులో, హోటల్ సలాడ్‌లో వచ్చే పచ్చి మొలకలూ వద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు పచ్చివే తింటామంటే అది వాళ్ల ఇష్టం, కాకపోతే ఏ శుభ్రతా ఆ ప్రమాదాన్ని సున్నా చేయదని తెలిసి తినాలి.

తిన్న కొద్ది గంటల్లో వాంతులైతే చాలామందికి ఒక రోజులో తగ్గుతుంది, ఓఆర్‌ఎస్ తాగుతూ ఉండాలి. ఈ-కోలి అయితే మూడు నాలుగు రోజుల తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పితో మొదలవుతుంది. విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం తగ్గకపోయినా, పిల్లలకు మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేయొద్దు. మొలకలు తిన్న సంగతి, ఏ రోజు తిన్నారో డాక్టర్‌కు చెప్పండి.

11. మే నెలలో ఒక కప్పు పెసలు: గంట గంటకూ

బెజవాడలో మే నెల, పగలు బయట 42, వంటింట్లో 34 డిగ్రీలు అనుకుందాం.

శనివారం రాత్రి 9: పెసలు ఏరి, నాలుగుసార్లు కడిగి, నాలుగు కప్పుల నీళ్లతో మూత పెట్టి ఫ్రిజ్‌లోకి. గుడ్డ మరిగించి ఆరేయడం ఇప్పుడే.

ఆదివారం ఉదయం 7: గోటితో నొక్కి చూడండి. నానాయి. నీళ్లు పారబోసి, కడిగి, చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వడకట్టండి. పలుచగా పరిచి తడిగుడ్డ కప్పండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గది ఏదో అక్కడ పెట్టండి. గిన్నె కింద వెడల్పాటి పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి, అవి గింజలకు తగలకుండా ఎత్తుగా నిలబెడితే ఇంకా మంచిది.

11, మధ్యాహ్నం 3, సాయంత్రం 7: కడగడం, వడకట్టడం, గుడ్డ మళ్లీ తడిపి పిండడం. మూడింటికి తెల్లటి చుక్కలా మొలక కనబడుతుంది.

రాత్రి 9: మొలక అర సెంటీమీటరు దాటింది. వాసన చూశారు, పచ్చి చిక్కుడుకాయ వాసన తప్ప ఏమీ లేదు. రెండు కప్పులకు పైనే అయ్యాయి. "ఇంకాస్త పెరగనిద్దాం, పొద్దున చూద్దాం" అనిపిస్తుంది. అనిపించినా ఉంచొద్దు. పొడి గుడ్డ మీద పది నిమిషాలు పరిచి, డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి.

సోమవారం ఉదయం 7: కావలసిన కప్పు మాత్రమే తీసి తెర్లే నీళ్లలో, మళ్లీ తెర్లు వచ్చాక 3 నిమిషాలు. మిగతా డబ్బా వెంటనే ఫ్రిజ్‌లోకి, గట్టు మీద వదలొద్దు.

మంగళవారం: మిగిలిన కప్పుతో గుగ్గిళ్లు. బుధవారం ఉదయానికి ఇంకా అరచేతిలో పట్టేటన్ని మిగిలితే, అవి బాగానే కనిపించినా, మొక్కల కుండీలోకి.